ఇండెమ్నిటీ క్లాజును సరళంగా తిరగరాయడం: బాధ్యత ఎక్కడిదక్కడే ఉండాలంటే

ఒప్పందాల్లో ఇండెమ్నిటీ క్లాజు సాధారణంగా ఒకే వాక్యంగా ఉంటుంది. ఆ ఒక్క వాక్యం అర పేజీ నడుస్తుంది. నష్టాలు, బాధ్యతలు, దావాలు, డిమాండ్లు, చార్జీలు, ఖర్చులు అంటూ నామవాచకాలు వరుస కడతాయి. క్రియ ఎక్కడో చివర దొరుకుతుంది. ఒక పక్షానికి కలిగిన నష్టాన్ని మరో పక్షం పూడ్చాలన్నదే దాని సారాంశం. చదివినవారికి అర్థమయ్యేలా దాన్ని తిరగరాయాలన్న కోరిక న్యాయమైనదే. అయితే ఈ పనిలో ఒక ప్రమాదం దాగి ఉంది. పాత వాక్యానికి ఒకే అర్థం ఉంటే దాన్ని తేటపరచడం భాషకు సంబంధించిన పని. పాత వాక్యానికి రెండు అర్థాలు ఉంటే తేటపరచడమంటే ఆ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోవడమే. ఆ ఎంపిక వల్ల ఒక పక్షం జేబు నుంచి మరో పక్షం జేబుకు డబ్బు మారుతుంది. కలం పట్టినవారికి ఆ అధికారం లేదు.

ఆ రెండు అర్థాల ఖరీదు ఎంతో తెలియాలంటే వుడ్ వర్సెస్ కాపిటా కేసు చూడాలి. 2010 ఏప్రిల్‌లో కాపిటా సంస్థ బ్రిటన్‌లో ష్యూర్‌టెర్మ్ డైరెక్ట్ అనే బీమా బ్రోకింగ్ కంపెనీని కొన్నది. పాతకాలపు కార్లకు బీమా ఇప్పించడం ఆ కంపెనీ ప్రధాన వ్యాపారం. కొన్న తర్వాత సొంత ఉద్యోగులే సందేహాలు లేవనెత్తారు. అమ్మకాల ఫోన్ సంభాషణలను పరిశీలిస్తే, చాలామంది ఖాతాదారులను తప్పుదోవ పట్టించి ఎక్కువ డబ్బు వసూలు చేసినట్టు తేలింది. కంపెనీ తానే వెళ్లి నియంత్రణ సంస్థ అయిన ఫైనాన్షియల్ సర్వీసెస్ అథారిటీకి ఈ సంగతి చెప్పింది. ఆ తర్వాత ఖాతాదారులకు పరిహారం చెల్లించే పథకం అమలు చేయాల్సి వచ్చింది. ఆ ఖర్చుగా సుమారు 24 లక్షల పౌండ్లు ఇవ్వాలని ఇండెమ్నిటీ క్లాజు కింద కాపిటా అమ్మకందారులను అడిగింది.

ఆ క్లాజు స్థూలంగా ఇలా నడుస్తుంది: కొనుగోలుదారుకు కలిగే అన్ని నష్టాలు, ఖర్చులు, బాధ్యతలు, కంపెనీపై పడే అన్ని జరిమానాలు, పరిహారాలు, నియంత్రణ సంస్థ వద్ద నమోదైన క్లెయిములు లేదా ఫిర్యాదుల ఫలితంగా, అమ్మకం పూర్తయ్యే నాటికి ముందు కాలానికి చెందినవి, బీమాను తప్పుడు పద్ధతిలో అమ్మడానికి సంబంధించినవి. ఇందులో ‘నమోదైన క్లెయిములు లేదా ఫిర్యాదుల ఫలితంగా’ అన్న షరతు దేనికి అంటుకుంటుంది? జరిమానాలు, పరిహారాల ముక్కకు మాత్రమేనని, తప్పుడు అమ్మకాల వల్ల కలిగిన మిగతా నష్టాలకు ఫిర్యాదు అక్కర్లేదని కాపిటా వాదించింది. షరతు మొత్తం వాక్యానికి వర్తిస్తుందని అమ్మకందారు వుడ్ వాదించాడు. ఖాతాదారులెవరూ ఫిర్యాదు చేయలేదని, కంపెనీయే సమాచారం ఇచ్చిందని, కాబట్టి చెల్లించేది ఏమీ లేదని అతని వాదన.

2014లో మొదటి కోర్టు కాపిటా వైపు తీర్పిచ్చింది. 2015లో అప్పీలు కోర్టు దాన్ని తిరగేసింది. 2017 మార్చి 29న బ్రిటన్ సుప్రీంకోర్టు అప్పీలు కోర్టు మాటనే నిలబెట్టింది. కాపిటాకు ఇండెమ్నిటీ కింద ఏమీ రాలేదు. ఒప్పందంలోని హామీల కింద వేరుగా క్లెయిము చేసే దారి ఉండేది గానీ, దానికి పెట్టిన రెండేళ్ల గడువు అప్పటికే దాటిపోయింది. అప్పీలు కోర్టు న్యాయమూర్తి ఆ క్లాజును చదవడానికి ముందు దానికి అంకెలు, అక్షరాలు వేసి ముక్కలుగా విడదీశారు. ఒప్పందం రాసేనాడే జరగాల్సిన పని అది.

ఇప్పుడు సంతకాలు అయ్యాక, వివాదం పుట్టకముందు, ఆ క్లాజును ‘కాస్త తేటగా రాయండి’ అని ఎవరికో ఇచ్చారనుకుందాం. షరతును వాక్యం మొదట్లో పెట్టి రాసినా, ఉపక్లాజులో పెట్టి రాసినా రెండూ చదవడానికి హాయిగానే ఉంటాయి. మొదటి తీరులో అమ్మకందారు చెల్లించేది సున్నా. రెండో తీరులో 24 లక్షల పౌండ్లు. రాసినవారు మాత్రం తాము వాక్యాన్ని చక్కదిద్దామనే అనుకుంటారు.

భారతదేశంలో రాసే ఒప్పందాలకు నేపథ్యంగా 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఉంది. వాగ్దానం చేసినవారి ప్రవర్తన వల్ల గానీ, మరో వ్యక్తి ప్రవర్తన వల్ల గానీ కలిగే నష్టం నుంచి రెండో పక్షాన్ని కాపాడతామని ఇచ్చే మాటను 124వ సెక్షన్ ఇండెమ్నిటీ ఒప్పందం అంటుంది. ఇండెమ్నిటీ పొందిన పక్షంపై దావా పడితే ఏమేం రాబట్టుకోవచ్చో 125వ సెక్షన్ చెబుతుంది: కోర్టు చెల్లించమన్న నష్టపరిహారం, దావా ఖర్చులు, వివేకంతో చేసుకున్న రాజీ కింద ఇచ్చిన సొమ్ము. ఈ రెండు సెక్షన్లే మొత్తం చట్టం కాదని 1942లో గజానన్ మోరేశ్వర్ కేసులో బొంబాయి హైకోర్టు చెప్పింది. బాధ్యత ఖాయంగా మీద పడితే చాలు, జేబులోంచి డబ్బు పోయేదాకా ఆగకుండానే ఇండెమ్నిటీ ఇచ్చినవారిని అడగవచ్చన్నది ఆ తీర్పు సారం. తిరగరాసే పనిలో ఇది ఎక్కడ అడ్డుతగులుతుందో కొంచెం ముందుకు వెళ్తే కనిపిస్తుంది.

పని ఎలా సాగుతుందో చూడటానికి ఒక చిన్న ఒప్పందం తీసుకుందాం. ఒక అపార్టుమెంటు అసోసియేషన్, లిఫ్టుల నిర్వహణ చూసే ఒక కాంట్రాక్టరు. వారి ఒప్పందంలో ఇండెమ్నిటీ క్లాజు నమూనాగా ఇలా ఉందనుకోండి:

“ఈ ఒప్పందం కింద చేసే పనుల వల్ల గానీ వాటికి సంబంధించి గానీ, కాంట్రాక్టరు, అతని ఉద్యోగులు, ఏజెంట్లు, సబ్‌కాంట్రాక్టర్ల చర్య, లోపం లేదా నిర్లక్ష్యం మూలంగా ఎవరికైనా గాయం లేదా మరణం కలిగినందుకు, లేదా ఆస్తికి నష్టం జరిగినందుకు, అసోసియేషన్‌పై వచ్చే దావాలు, క్లెయిములు, డిమాండ్లు, అసోసియేషన్‌కు కలిగే నష్టాలు, బాధ్యతలు, చార్జీలు, ఖర్చులు, సహేతుకమైన లాయరు ఫీజులు సహా, అన్నింటి నుంచి కాంట్రాక్టరు అసోసియేషన్‌ను, దాని సభ్యులను ఎల్లవేళలా కాపాడి, నష్టాన్ని భర్తీ చేసి, అసోసియేషన్ తరఫున వాదించి, హాని కలగకుండా చూడవలెను, అసోసియేషన్ నిర్లక్ష్యం వల్ల జరిగిన మేరకు తప్ప.”

ఒక్క మాట కూడా మార్చకముందు చేయాల్సిన పని ఒకటి ఉంది. జరగగల ఘటనలు అయిదారు రాసుకుని, పాత క్లాజు ప్రకారం ఒక్కోదానిలో ఎవరు ఎంత చెల్లించాలో పక్కన వేసుకోవాలి. లిఫ్టు విషయంలో ఇవి ఊహించడం కష్టం కాదు. టెక్నీషియన్ పరీక్ష కోసం తలుపు లాకు కాంటాక్టులను వైరుతో కలిపి, పని అయ్యాక ఆ వైరు తీయడం మరిచిపోతాడు. తలుపు తెరిచి ఉండగానే లిఫ్టు కదిలి, చుట్టపుచూపుగా వచ్చినవారికి కాలు విరుగుతుంది. సబ్‌కాంట్రాక్టరు పంపిన కుర్రాడి చేతిలోంచి స్పానరు జారి ఒక సభ్యుడి కారు అద్దం పగులుతుంది. తాడు మార్చాలని కాంట్రాక్టరు రాతపూర్వకంగా చెబుతాడు, అసోసియేషన్ వాయిదా వేస్తుంది, అయినా కాంట్రాక్టరు లిఫ్టును నడపనిస్తాడు, ప్రమాదం జరుగుతుంది. వోల్టేజి ఒక్కసారిగా పెరిగి మోటారు కాలిపోతుంది, తప్పు ఎవరిదీ కాదు. ఎవరో వేసిన దావాను కోర్టు కొట్టేస్తుంది, లాయరు ఫీజు మాత్రం అసోసియేషన్‌కు మిగులుతుంది. కొత్త క్లాజు రాశాక ఇవే ఘటనలను దాని గుండా మళ్లీ నడిపించాలి. ఏ ఒక్క జవాబు మారినా ఆ రాత సవరణ కాదు, కొత్త బేరం.

నమూనా క్లాజులో ఈ జాబితా వేసుకుంటుండగానే రెండు చోట్ల కలం ఆగుతుంది. మోటారు కాలిపోయిన ఘటన మొదటిది. ‘చర్య, లోపం లేదా నిర్లక్ష్యం మూలంగా’ అన్న షరతు గాయానికి, మరణానికి వర్తిస్తుందనడంలో సందేహం లేదు. కామా తర్వాత వచ్చే ‘లేదా ఆస్తికి నష్టం జరిగినందుకు’ అన్న ముక్కకు కూడా వర్తిస్తుందా? వర్తిస్తే కాలిన మోటారు ఖర్చు అసోసియేషన్‌దే. వర్తించకపోతే, పనులకు ‘సంబంధించి’ జరిగిన ఆస్తినష్టం కాబట్టి కాంట్రాక్టరుదేనని వాదించవచ్చు. ఇది కాపిటా కేసులో వచ్చిన చిక్కే.

రెండోది మరింత మెల్లగా దాక్కుని ఉంటుంది. క్లాజు కాపాడేది ‘అసోసియేషన్‌ను, దాని సభ్యులను’. లెక్కలోకి తీసుకున్నవి మాత్రం ‘అసోసియేషన్‌పై’ వచ్చే దావాలు, ‘అసోసియేషన్‌కు’ కలిగే నష్టాలు. కారు అద్దం పగిలిన సభ్యుడు తన నష్టాన్ని ఈ క్లాజు కింద అడగవచ్చా? తిరగరాసేటప్పుడు ‘అసోసియేషన్‌కు లేదా సభ్యులకు కలిగే నష్టాలు’ అని రాయడం చేతికి సహజంగా వచ్చేస్తుంది. ఆ రెండు మాటలతో కాంట్రాక్టరు అసోసియేషన్‌తో పాటు కొన్ని డజన్ల కుటుంబాలకు బాధ్యుడవుతాడు. సభ్యుల మాటను పూర్తిగా తీసేస్తే తప్పు మరో దిక్కున జరుగుతుంది.

ఇలాంటి చోట్ల చేయవలసింది అడగడమే. రెండు అర్థాలనూ పక్కపక్కన రాసి, ఒక్కోదాని కింద ఎవరు చెల్లిస్తారో చూపి, ఇరుపక్షాలకూ పంపాలి. వారు ఎంచుకున్నది రాతలో ఉండాలి. సమాధానం రాకపోతే పాత మాటలను అలాగే ఉంచి, ఆ ముక్కను ముట్టుకోలేదని తెలపాలి. గజిబిజి మిగిలిందన్న విమర్శ రావచ్చు. ఒకరికి తెలియకుండా వారి బాధ్యతను పెంచడం కంటే ఆ విమర్శను భరించడం మేలు.

మిగతా వాక్యంలో ఏది కొవ్వు, ఏది ఎముక అన్నది తేల్చుకోవాలి. ‘ఎల్లవేళలా’ పోయినా ఏ జవాబూ మారదు. చార్జీలు, ఖర్చులు అన్న జంటలో ఖర్చులు చాలు. దావాలు, క్లెయిములు, డిమాండ్లను ‘క్లెయిము’ అన్న ఒక్క మాటలోకి తేవచ్చు. అయితే కోర్టు దాకా వెళ్లని నోటీసు కూడా అందులో ఉందని నిర్వచనంలో చెప్పాలి. ‘కాపాడి’, ‘హాని కలగకుండా చూడవలెను’ అన్నవి ‘భర్తీ చేయాలి’లో కలిసిపోతాయని భారతీయ ఒప్పందాల్లో సాధారణంగా అనుకోవచ్చు. విదేశీ చట్టం వర్తించే ఒప్పందమైతే అక్కడ ఆగి చూడాలి. 2007లో కాలిఫోర్నియా అప్పీలు కోర్టు ఒకటి ‘భర్తీ చేయడం’, ‘హాని కలగకుండా చూడటం’ అన్న మాటలకు వేర్వేరు పనులున్నాయని చెప్పింది. అమెరికాలోని ఖాతాదారులతో హైదరాబాదు సంస్థలు చేసుకునే ఒప్పందాలు అక్కడి రాష్ట్రాల చట్టాల కింద నడవవచ్చు కనుక ఇది దూరపు సంగతి కాదు.

‘వాదించి’ అన్న మాట జోలికి మాత్రం వెళ్లకూడదు. అది పర్యాయపదంలా కనిపిస్తుంది గానీ కాదు. భర్తీ చేయడం నష్టం తేలాక జరిగేది. వాదించడం నోటీసు వచ్చిన రోజు నుంచే మొదలయ్యే పని: లాయరును పెట్టాలి, ఫీజు కట్టాలి, వాయిదాలకు హాజరు కావాలి. కోర్టు కొట్టేసిన దావా ఉదాహరణలో ఈ మాట ఉంటే కాంట్రాక్టరు మొదటి నుంచీ ఖర్చు పెడతాడు. లేకపోతే అసోసియేషన్ తన నిధి నుంచి పెట్టుకుని చివర్లో అడగాలి.

‘నష్టాలు, బాధ్యతలు’ అన్న జంట కూడా అలాంటిదే. రెండూ ఒకటే అనిపించి ‘బాధ్యతలు’ కొట్టేయాలనిపిస్తుంది. గజానన్ మోరేశ్వర్ తీర్పు పనికొచ్చేది ఇక్కడే. 10 లక్షలు చెల్లించాలని కోర్టు డిక్రీ ఇచ్చింది, అసోసియేషన్ ఇంకా కట్టలేదు. ‘బాధ్యతలు’ ఉన్న క్లాజు కింద ఆ రోజే కాంట్రాక్టరును అడగడానికి ఆధారం గట్టిగా ఉంటుంది. ‘కలిగిన నష్టాలు’ మాత్రమే మిగిలిస్తే, ఇంకా కట్టనిది నష్టం ఎలా అవుతుందని కాంట్రాక్టరు ప్రశ్నించే వీలు కలుగుతుంది. తీర్పు అసోసియేషన్‌కు ఆసరా ఇస్తుంది, నిజమే. కానీ ఒప్పందమే తీర్చగల తగవును కోర్టు దాకా పంపడం మంచి రాత కాదు.

‘చర్య, లోపం లేదా నిర్లక్ష్యం’ అన్న మూడింటినీ ‘నిర్లక్ష్యం’గా కుదించడం తరచుగా కనిపించే తప్పు. జాగ్రత్తగా చేసిన పని వల్ల కూడా నష్టం జరగవచ్చు. పాత క్లాజు ప్రకారం అది కాంట్రాక్టరు చర్య కాబట్టి అతనిదే బాధ్యత. కుదించిన క్లాజు ప్రకారం అసోసియేషన్ ముందు నిర్లక్ష్యాన్ని రుజువు చేయాలి. ‘సహేతుకమైన’ అన్న విశేషణం చోటు మారినా ఇలాగే అవుతుంది. పాత క్లాజులో అది లాయరు ఫీజులకు మాత్రమే చెందింది. ‘సహేతుకమైన ఖర్చులు, ఫీజులు’ అని రాస్తే ప్రతి ఖర్చునూ సమర్థించుకోవాల్సిన బరువు అసోసియేషన్ మీద పడుతుంది.

అన్నిటికంటే ఎక్కువ డబ్బు మోస్తున్న మాట మాత్రం వాక్యం చివర ఉంది: ‘మేరకు’. తాడు మార్చడంలో జాప్యం జరిగిన ఘటనలో నష్టం 10 లక్షలు అనుకుందాం. కాంట్రాక్టరు తప్పు 60 శాతం, అసోసియేషన్‌ది 40 శాతం అని తేలింది. ‘అసోసియేషన్ నిర్లక్ష్యం వల్ల జరిగిన మేరకు తప్ప’ అంటే కాంట్రాక్టరు 6 లక్షలు ఇస్తాడు. వాక్యాన్ని తేలిక చేద్దామని ‘అసోసియేషన్ నిర్లక్ష్యం ఉంటే ఈ క్లాజు వర్తించదు’ అని రాస్తే ఒక్క రూపాయి కూడా ఇవ్వనక్కర్లేదు. ‘కేవలం అసోసియేషన్ నిర్లక్ష్యం వల్ల జరిగితే తప్ప’ అని రాస్తే మొత్తం 10 లక్షలూ ఇవ్వాలి. మూడు వాక్యాలూ సాఫీగానే చదువుకోవచ్చు. హడావిడిలో ఒకదాని బదులు మరొకటి పడినా ఎవరి కంటికీ ఆనకపోవచ్చు.

రెండు ప్రశ్నలకూ ఇరుపక్షాలు జవాబిచ్చాయని అనుకుందాం: తప్పు ఉండాలన్న షరతు ఆస్తినష్టానికీ వర్తిస్తుంది, సభ్యుల సొంత నష్టాలకు కూడా ఈ రక్షణ ఉంది. అప్పుడు క్లాజు ఇలా రావచ్చు:

“1. ‘కాంట్రాక్టరు పక్షం’ అంటే కాంట్రాక్టరు, అతని ఉద్యోగులు, ఏజెంట్లు, సబ్‌కాంట్రాక్టర్లు. ‘క్లెయిము’ అంటే దావా గానీ, దావాకు ముందు చేసే డిమాండు గానీ.

2. ఈ ఒప్పందం కింద చేసే పనుల వల్ల లేదా వాటికి సంబంధించి, కాంట్రాక్టరు పక్షం చర్య, లోపం లేదా నిర్లక్ష్యం మూలంగా ఈ కింది వాటిలో ఏది జరిగినా 3, 4 పేరాలు వర్తిస్తాయి: (అ) ఎవరికైనా గాయం లేదా మరణం, (ఆ) ఏదైనా ఆస్తికి నష్టం.

3. దాని కారణంగా అసోసియేషన్‌కు గానీ దాని సభ్యులకు గానీ కలిగే నష్టాలను, బాధ్యతలను, ఖర్చులను, సహేతుకమైన లాయరు ఫీజులతో సహా, కాంట్రాక్టరు భర్తీ చేయాలి.

4. దాని కారణంగా అసోసియేషన్‌పై క్లెయిము వస్తే కాంట్రాక్టరు అసోసియేషన్ తరఫున వాదించాలి.

5. అసోసియేషన్ నిర్లక్ష్యం వల్ల జరిగిన మేరకు కాంట్రాక్టరుకు 3, 4 పేరాల కింద బాధ్యత ఉండదు.”

నాలుగో పేరాలో సభ్యుల ప్రస్తావన లేదు. పాత క్లాజులోనూ ‘వాదించి’ అన్న మాట అసోసియేషన్‌కే చెందింది. దాని గురించి ఎవరూ ఏమీ అడగలేదు, కాబట్టి మారలేదు. మూడో పేరాతో పొంతన కుదరాలని అక్కడ కూడా సభ్యులను చేర్చాలనిపిస్తుంది, కానీ చేర్చకూడదు. శీర్షిక విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. ‘మూడో వ్యక్తుల క్లెయిములు’ అని పైన పెడితే, ఎవరూ క్లెయిము చేయకుండా అసోసియేషన్‌కు నేరుగా కలిగిన నష్టం ఈ క్లాజులోకి రాదని వాదించడానికి అవకాశం ఇచ్చినట్టే. ‘ఇండెమ్నిటీ’ అన్న ఒక్క మాట శీర్షికగా సరిపోతుంది.

క్లాజు బయట జరిగే మార్పులు కూడా లోపలి లెక్కను కదిలించగలవు. కాంట్రాక్టరు మొత్తం బాధ్యతకు ఇంతే గరిష్ఠం అని మరో క్లాజు చెబుతుంటే, ఇండెమ్నిటీ ఆ పరిమితి లోపల ఉందా, బయట ఉందా అన్నది పాత పాఠంలో ఎలా ఉందో అలాగే కొనసాగాలి. ‘30 రోజుల్లో తెలపకపోతే హక్కు పోతుంది’ అన్న గడువును స్పష్టత పేరుతో కొత్తగా చేర్చడం అసోసియేషన్ నుంచి హక్కును లాక్కోవడమే. అది అవసరమనుకుంటే విడిగా ప్రతిపాదించి బేరమాడుకోవాలి.

పాత ఒప్పందాన్ని మధ్యలో సవరిస్తున్నప్పుడు ‘ఈ మార్పు భాషకు సంబంధించినదే, ఎవరి బాధ్యతలూ మారవు’ అని ఒక వాక్యం చేర్చడం ఆనవాయితీ. ఆ వాక్యం రెండంచుల కత్తి. వివాదం వస్తే అది పాత పాఠాన్ని మళ్లీ బయటికి లాగుతుంది, పక్షాలు కలిసి తేల్చుకున్న రెండు ప్రశ్నలూ తిరిగి తెరుచుకుంటాయి. దాని బదులు, ఏ రెండు విషయాల్లో ఏ అర్థాన్ని ఒప్పుకున్నారో సవరణ పత్రంలోనే చెప్పి, మిగతావి మారలేదనడం మంచిది. అమలు తేదీ దగ్గర మరో వాక్యం ఉండాలి: ఆ తేదీకి ముందు జరిగిన ఘటనలకు, వాటిపై క్లెయిము ఎప్పుడు వచ్చినా, పాత క్లాజే వర్తిస్తుంది. లేకపోతే మే నెలలో ప్రమాదం జరిగి, జూన్‌లో సవరణపై సంతకాలై, ఆగస్టులో నోటీసు వచ్చినప్పుడు ఏ పాఠాన్ని చదవాలన్నదే మొదటి తగాదా అవుతుంది.